ఈ డ్యాష్‌బోర్డ్‌లో నంబర్లు ఎప్పుడు మారతాయి, వాటిలో ఏమేం కలవవు

ఆర్డర్ల డ్యాష్‌బోర్డ్ చూసేవాళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే, "ఇప్పుడే ఆర్డర్ పడింది కదా, ఇక్కడ కనపడట్లేదేంటి?" అని. కాసేపు ఆగితే కనపడుతుంది. ఇది లైవ్ స్క్రీన్ కాదు. ఆర్డర్లు 15 నిమిషాలకోసారి వస్తాయి, విజిటర్ల లెక్క గంటకోసారి, రిటర్నులు మాత్రం రోజుకి ఒక్కసారే, రాత్రి 3 గంటలకి. అందుకే నంబర్ చూసే ముందు పైన కుడివైపు "చివరిగా అప్‌డేట్ అయింది" అని ఉన్న టైమ్ చూడండి, పేజీ రిఫ్రెష్ కొట్టినంత మాత్రాన కొత్త డేటా రాదు, అప్పటికే వచ్చిన డేటానే మళ్లీ లోడ్ అవుతుంది. ఆ టైమ్ ఎర్రగా కనిపిస్తే ఒక అప్‌డేట్ ఫెయిల్ అయిందని అర్థం, అప్పుడు మీరు చూస్తున్నది పాత నంబర్.

గ్రాఫ్‌లో చివరి బార్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. అది ఈరోజు బార్, రోజు ఇంకా అవ్వలేదు. పొద్దున పదింటికి దాన్ని చూసి సేల్స్ పడిపోయాయని కంగారు పడకండి, నిన్నటితో పోల్చాలనుకుంటే "ఇదే టైమ్ వరకు" అనే ఫిల్టర్ పెట్టి చూడండి.

ఇంకో సంగతి, అయిపోయిన రోజుల నంబర్లు కూడా మారతాయి. చాలామందికి ఇక్కడే డౌట్ వస్తుంది. ఉదాహరణకి సోమవారానికి మంగళవారం చూస్తే 412 ఆర్డర్లు ఉన్నాయి, అదే సోమవారాన్ని శుక్రవారం చూస్తే 397 ఉన్నాయి అనుకోండి. డేటా పోలేదు, మధ్యలో 15 ఆర్డర్లు వెనక్కొచ్చాయి. రిటర్న్ అయినదాన్ని మేం వెనక్కొచ్చిన రోజు నుంచి కాదు, ఆర్డర్ పెట్టిన రోజు నుంచే తీసేస్తాం, ఏ రోజు అమ్మకాల్లో చివరికి ఎంత నిలిచిందో అలా అయితేనే తెలుస్తుంది. రిటర్న్‌కి 30 రోజుల గడువు ఉంది కాబట్టి గత నెల రోజుల నంబర్లు కొంచెం కదులుతూనే ఉంటాయి, అంతకంటే పాతవి దాదాపు మారవు. ఏదైనా రిపోర్ట్‌లో పెడుతుంటే ఏ తారీకున తీసిన నంబరో పక్కన రాసేయండి, లేకపోతే వచ్చే వారం ఎవరో ఒకరు "ఇది తప్పు" అంటారు, మీరు మళ్లీ మమ్మల్ని అడుగుతారు.

ఆర్డర్లలో కలవనివి: పేమెంట్ ఫెయిల్ అయినవి, మా టెస్టింగ్ వాళ్లు పెట్టినవి, ఫోన్ కాల్‌లో తీసుకున్నవి. ఫోన్ ఆర్డర్లు వేరే సిస్టమ్‌లో ఉంటాయి, దీన్ని ఇంకా దానికి కలపలేదు, కాబట్టి "మొత్తం ఆర్డర్లు" అని ఉన్న చోట "వెబ్‌సైట్, యాప్ ఆర్డర్లు మొత్తం" అని చదువుకోండి. పేరు మారుస్తాం, ఈలోపు ఇదీ సంగతి.

విజిటర్ల లెక్క ఆర్డర్లంత గట్టిది కాదు, అది మొదటి నుంచీ కొంచెం తక్కువే చూపిస్తుంది. యాడ్ బ్లాకర్ వాడేవాళ్లు, కుకీలు వద్దని నొక్కినవాళ్లు చాలావరకు అందులోకి రారు. దానికి రివర్స్‌లో, ఒకే మనిషి ఫోన్‌లో ఒకసారి ల్యాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అవ్వకుండా చూస్తే ఇద్దరి కింద పడతాడు. తెలిసిన బాట్లని తీసేస్తాం, కానీ కొన్ని జారిపోతూనే ఉంటాయి. అందుకే ఈ నంబర్‌ని పెరుగుతుందా తగ్గుతుందా చూడ్డానికి వాడండి, సరిగ్గా ఇంతమందే వచ్చారని మాత్రం చెప్పకండి. ఇంకోటి, రోజువారీ విజిటర్లని మీరే కూడకండి, సోమవారం 900 మంది మంగళవారం 850 మంది అయితే రెండు రోజులకీ కలిపి 1,750 అవ్వదు, రెండు రోజులూ వచ్చినవాళ్లు 270 మంది ఉంటే 1,480 అవుతుంది. డేట్ రేంజ్ మార్చండి, లెక్క అదే చేస్తుంది.

తారీకులన్నీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ ప్రకారం. మీ గడియారం యూటీసీ కంటే ముందుంటే అర్ధరాత్రి దాటాక పడిన ఆర్డర్ ఇక్కడ ముందురోజు కింద కనిపించొచ్చు. శాతాలు రౌండ్ చేస్తాం, మూడు 33లు కలిపితే 99 వచ్చిందని మెయిల్ పెట్టక్కర్లేదు.

డబ్బు లెక్కలు తేల్చడానికి మాత్రం దీన్ని వాడొద్దు, టాక్స్, షిప్పింగ్ ఛార్జీ, కూపన్ తగ్గింపు ఇవేవీ ఇందులో లేవు, దానికి అకౌంట్స్ వాళ్లు నెలాఖరుకి ఇచ్చే రిపోర్టే ఫైనల్. ఇవన్నీ చూశాక కూడా నంబర్ తేడాగా ఉంటే డేటా టీమ్‌కి స్క్రీన్‌షాట్ పంపండి, పెట్టిన ఫిల్టర్లు, అప్‌డేట్ టైమ్ రెండూ అందులో కనపడాలి, మీకు ఎంత రావాలనిపించిందో అది కూడా రాయండి.