మా పర్లాకిమిడి హోటల్ మెనూ కార్డుకు ఫొటో సూచనలు

తమ్ముడూ, ఆదివారం పొద్దున్నే ఆరున్నరకల్లా రా. తూర్పు కిటికీ పక్క బల్ల నీ కోసం ఖాళీగా ఉంచుతాను. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైట్లు ఆర్పేస్తాను. కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టు. వెలుగు పళ్లెం వెనక ఎడమవైపు నుంచి పడాలి, ఎదురుగా తెల్లటి థర్మాకోల్ అట్ట పెడితే నీడలు మెత్తబడతాయి. ప్రతి ఫొటోలో పైభాగం ఖాళీగా వదులు, పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ వడ్డించేంతే వడ్డించి తీయాలి. ఫొటోలో ఉన్నది పళ్లెంలో లేకపోతే మనిషి మళ్లీ రాడు.

పనసపొట్టు దాల్మా: కంచు గిన్నె, వెనక నల్ల గొంగళి. గొంగళి ఎందుకంటే, నల్లటి నేపథ్యం మీద వెనక వెలుగు పడితేనే ఆవిరి కనిపిస్తుంది. తెల్ల గోడ ముందు ఎంత పొగలు కక్కినా ఫొటోలోకి రాదు. ఫ్యాను ఆపేస్తాను. ముందు చల్లటి గిన్నెతో ఫ్రేమూ ఫోకసూ సరిచూసుకో, ఆ తరువాత పొయ్యి మీంచి దించి పోస్తాను. చిక్కటి ఆవిరి కాసేపే ఉంటుంది, అందుకే వరసగా తీసెయ్యి, షట్టర్ 1/125తో మొదలుపెట్టు. చాలకపోతే గిన్నె వెనక కనబడకుండా సలసల కాగే నీళ్ల గ్లాసు పెడదాం. అగరుబత్తి పొగ మాత్రం వద్దు. అది సన్నగా తీగలా లేస్తుంది, చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పక్కన పనసపొట్టు గుప్పెడు, రెండు ఎండుమిరపకాయలు, అంతే.

మామిడల్లం చేపల పులుసు: ముందురోజు రాత్రి కాచి, మర్నాడు గోరువెచ్చగా పెడతాం, కాబట్టి దీనికి ఆవిరి వద్దు. మట్టి దాక, కెమెరా కొంచెం వంచి. పైన తేలిన ఎర్రటి నూనె మీద కిటికీ వెలుగు మెరవాలి. మెరుపు కోసం వేరే నూనె పూయకు, గరిటెతో ఒకసారి కదిపితే చాలు. చేప తల నీ వైపు ఉండాలి.

చోడి దోసె, జీడిపప్పు కారం: నిలువుగా పైనుంచి తియ్యి. దోసె త్వరగా మెత్తబడిపోతుంది, మూడు పోస్తాను, మూడోది నీది.

చెన్న బొబ్బట్టు: అడ్డాకు విస్తరిలో రెండు, ఒకటి చేత్తో తుంచినది. చాకుతో కోయకు, లోపలి చెన్న పొరపొరలుగా విడివడాలి. కాల్చిన గోధుమరంగు మచ్చలు దిద్దకు, అవే దాని అందం. పెనం మీంచి రాగానే నెయ్యి వేస్తాను, ఆ తడి ఆరకముందే దగ్గరగా తీయాలి. ఇక్కడ ఆవిరి పలచగా వస్తే రానీ, లేకున్నా ఫరవాలేదు.

మన ఊరి కొమ్ముతో చెక్కిన కొంగ బొమ్మను కార్డు అట్ట మీదకే ఉంచుదాం, తిండి పక్కన వద్దు. పూలు, రంగు కాగితాలు, ప్లాస్టిక్ ఆకులు ఎక్కడా కనబడకూడదు. బల్ల మీద నీళ్ల చెంబు, నాన్న వాడిన ఇత్తడి గరిటె ఉంటే చాలు. ఆ గరిటె సొట్ట కనబడేలానే తియ్యి.