సంక్రాంతి అరిసెలు: మా నాయనమ్మ పాకం

(తెరపై: వడకట్టిన తడి బియ్యం)
కిలో బియ్యం రోజంతా నానబెట్టాను. తడి ఆరకముందే దంచి జల్లించాలి.

(పొయ్యిపై బెల్లం)
ముప్పావు కిలో బెల్లం, గ్లాసు నీళ్లు. మాది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో నాయనమ్మకు ఇల్లూ గొడ్డూ మిగల్లేదు, అత్తగారూ పోయారు. రెండు నెలలకే పెద్దల పండుగ. పుట్టింటివారు పంపిన బియ్యాన్ని అరువు రోట్లో దంచి, ఆవిడ పేరున అరిసెలు వండింది. ఎంత గుండె నిబ్బరం!

(నీళ్లలో పాకం చుక్క)
మెత్తని ఉండ కట్టగానే దించండి. ముదిరితే అరిసె గట్టిపడుతుంది. నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసి, పిండి కొద్దికొద్దిగా కలపండి.

(నూనె మూకుడు)
ఆకుపై తట్టి, వేయించి, చెక్కల మధ్య నొక్కండి. మొదటిది పెద్దలకు. మిగిలినవి చల్లారాకే డబ్బాలో పెట్టండి.