గౌరమ్మ బోర్డు

పర్లాకిమిడిలో గౌరమ్మ పునుగుల బండి వీడియో నాలుగు రోజుల్లో ఊరూరా తిరిగింది. పాతపట్నం నుంచి కూడా జనం వచ్చారు. వచ్చి పక్క బండి దగ్గర నిలబడ్డారు. వీడియోలో పిండి, నూనె, ఆమె చెయ్యి అన్నీ తేటగా ఉన్నాయి. బోర్డు మాత్రం మసక.

రెండు పాళ్ల బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, నాలుగు గంటలు నానాలి. పిండి జారైతే పునుగు నూనె తాగేస్తుంది, అందుకే రుబ్బేటప్పుడు నీళ్లు చేత్తో చిలకరిస్తుందంతే. ఆ పనితనమంతా చూపించి పేరు దాచడం అన్యాయం.

వీడియో తీసిన కుర్రాణ్ణి పిలిపించింది.

“నా పేరెందుకు చెరిపీసినావు బాబూ?”

“పేరు కాదు పిన్నీ, కింద నీ ఫోన్ నంబరుంది. రాత్రనక పగలనక ఎవరెవరో చేస్తారని బోర్డంతా మసక చేసీసినాను.”

“నంబరొక్కటే కప్పలేకపోనావా?”

కప్పొచ్చు. కానీ మసక చేసిన వీడియోలోంచి అక్షరాలు తిరిగి రావు, అసలు క్లిప్పు కావాలి. అది ఇంకా ఫోన్‌లోనే ఉంది. నంబరు మీద చిన్న పట్టీ పెట్టి, కెమెరా కదిలిన ప్రతిచోటా దాన్నీ జరిపాడు. లేకపోతే అంకెలు బయటపడతాయి. పైన ఒడియాలో, తెలుగులో ఆమె పేరు కనిపించింది.

“మరి ఊరంతా తిరిగినదో?”

“అది మన చేతిలో లేదు పిన్నీ. కొత్తదాని కింద నీ పేరు, వీధి రాస్తాను.”

“రాయి. సాయంత్రం నాలుగు నుంచే అని కూడా రాయి. పొద్దున్నొచ్చి తిరిగెళ్లిపోతన్నారు.”