విషయం: షాఫ్ట్ స్లీవ్, ఎస్ఎస్ 410: మీ డ్రాయింగ్‌కి 10 పీస్‌ల ట్రయల్

రాఘవరావు గారూ, నమస్కారం.

బాలానగర్‌లో మాది చిన్న సీఎన్‌సీ మెషినింగ్ షాపు. పంపుల రిపేర్లు చేసేవాళ్లు ఒకరు పోయిన నెల మీ మల్టీస్టేజ్ పంపు స్లీవ్ తెచ్చి, అచ్చం అలాంటిదే చేసిమ్మని అడిగారు. గ్లాండ్ ప్యాకింగ్ కూర్చునే చోట చుట్టూ గాడి పడి ఉంది. ఇసుక నీళ్లు, పైగా చుక్క కూడా కారకూడదని ప్యాకింగ్ బిగించేశారట, ఇక అరగక ఏమవుతుంది? పంపుని అనేదేం లేదు. మీ పార్టుకి నకలు చేసివ్వడం నాకు సబబుగా తోచలేదు. ఆ పని వద్దని చెప్పి, నేరుగా మీకే రాస్తున్నాను.

మేం ఎక్కువగా చేసేది స్లీవ్‌లు, బుష్‌లే. గోడ సన్నగా ఉన్న స్లీవ్ హార్డెనింగ్‌కి వెళ్లొస్తే కొంచెం ఓవల్ అవుతుందని మీకు తెలిసిందే. అందుకే బోర్‌లో గ్రైండింగ్‌కి మెటీరియల్ వదిలి పంపిస్తాం. వచ్చాక ముందు బోర్ గ్రైండ్ చేసి, ఆ బోర్ ఆధారంగానే మాండ్రెల్ మీద ఓడీ గ్రైండ్ చేస్తాం. 40 ఎంఎం బోర్‌కి హెచ్7 అంటే మొత్తం 25 మైక్రాన్లే కదా, ప్రతి పీస్ బోర్ గేజ్‌తో చూసి రీడింగ్ రాసి ఇస్తాం. హీట్ ట్రీట్‌మెంట్ మాత్రం బయట చేయిస్తాం. బ్యాచ్‌కో హార్డ్‌నెస్ రిపోర్టు, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ సరుకుతో పాటే వస్తాయి.

నెలకు 400 పీస్‌లు దాటితే మా వల్ల కాదు. రెగ్యులర్ వెండర్ల దగ్గర మినిమమ్ ఆర్డర్ కుదరని సైజులు, 20, 30 కావాల్సిన స్పేర్లు ఉంటాయి చూడండి, అవి మాకివ్వండి. మొదట 10 పీస్‌లు చేసిస్తాం. ఊరికే ఇస్తామనడం లేదు. మీ ఇన్‌స్పెక్షన్‌లో పాసైన వాటికే బిల్లు, రిజెక్ట్ అయినవి మేమే వచ్చి తీసుకెళ్తాం. డ్రాయింగ్ అందాక 12 పని రోజుల్లో పాశమైలారంలో మీ గేటు దగ్గర దించుతాం.

మీ ఫైనాన్స్ వాళ్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: మాకు జీఎస్టీ, ఉద్యం రిజిస్ట్రేషన్ రెండూ ఉన్నాయి. కనుక పేమెంట్‌కి 45 రోజుల నిబంధన వర్తిస్తుంది. అడ్వాన్స్ అక్కర్లేదు.

ఇప్పటికిప్పుడు డ్రాయింగ్ పంపనక్కర్లేదు. ఇబ్బంది పెడుతున్న ఒక్క స్లీవ్ బోర్, ఓడీ, పొడవు, ఎన్ని కావాలో ఒక లైన్ రాయండి చాలు. మర్నాడు సాయంత్రంలోగా సుమారు రేటు చెబుతాను. డ్రాయింగ్ వచ్చాక ఫైనల్ కొటేషన్. ఇవి చూసేది మీ వెండర్ డెవలప్‌మెంట్ వాళ్లయితే ఈ మెయిల్ వాళ్లకు ఫార్వర్డ్ చేయగలరు. అవసరం లేకపోతే 'వద్దు' అని ఒక్క మాట రాసినా చాలండి, మళ్లీ మళ్లీ మెయిల్స్ పెట్టి విసిగించను.

ఇట్లు,
శ్రీనివాస్
సీఎన్‌సీ టర్నింగ్, గ్రైండింగ్ జాబ్ వర్క్స్
బాలానగర్, హైదరాబాద్

జత: ఇటీవల చేసిన ఒక స్లీవ్ బ్యాచ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఒక పేజీ. కస్టమర్ పేరు, పార్ట్ నంబరు తీసేశాను.