నాయనకు ఫోన్‌లో చెప్పే వరస: నెట్ బాక్సు లైట్లు, రీస్టార్టు

కడప ఎర్రముక్కపల్లె ఇంటి నుంచి "నెట్టు రాలే" అని ఫోనొస్తే, బెంగళూరులో అక్క ఎత్తినా, హైదరాబాదులో తమ్ముడు ఎత్తినా మాట్లాడాల్సిన వరస ఇది. నాయనకు 76 ఏళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు చదువుతాడు కానీ ఎడమ చెవి మందం. లైట్లు ఆయన చదవాలి, స్విచ్చి అమ్మ వెయ్యాలి. ఇద్దరికీ ఒకేసారి చెప్పొద్దు.

బాక్సు ముందు గదిలో టీవీ పక్కన కడప బండ అరమీద ఛాతీ ఎత్తులో ఉంది. స్టూలు అక్కర్లేదు, ఎక్కుతామన్నా ఒప్పుకోవద్దు. దాని అడాప్టరు ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది. ఆ స్విచ్చి మీద అమ్మ బొట్టుబిళ్ళ అంటించి ఉంది. పక్క స్విచ్చి టీవీది.

ఒక పని చెప్పాలి, అయిందని వినాలి, తర్వాతే ఇంకోటి. లైట్లు చదవకముందే ఆపి వెయ్యమని ఎప్పుడూ చెప్పొద్దు. తప్పు ఎక్కడుందో చూపించేది ఆ లైట్లే. ఆపేస్తే ఆ గుర్తు పోతుంది.

ఫోనెత్తగానే

"చెప్పు నాయనా. గాబరా ఏం లేదు, నాకు అరగంట ఖాళీ. వాట్సాప్‌లో చేసినావా, మామూలు ఫోనా?"

వాట్సాప్ అయితే: "పెట్టెయ్, నేనే మామూలు ఫోను చేస్తా." మామూలు ఫోనైనా సరే, ఫోన్‌లో వైఫై ఆపించండి. మామూలు కాలు కూడా కొన్నిసార్లు వైఫై మీదే నడుస్తుంది. బాక్సు ఆపిన క్షణంలో మాట తెగిపోతే అక్కడ ఇద్దరూ బెదిరిపోతారు.

"ఇప్పుడు స్పీకరు పెట్టి, ఫోను అరమీద పెట్టు. రెండు చేతులూ ఖాళీగా ఉండాల. కళ్ళద్దాలు పెట్టుకున్నావా?"

"అమ్మను ఫ్రిజ్ తలుపు తీసి చూడమను. లోపల లైటు వెలుగుతాందా?"

ఫ్యాను తిరుగుతోందా అని అడిగితే లాభం లేదు, ఫ్యాను ఇన్వర్టరు మీద ఉంది. ఫ్రిజ్, టీవీ బోర్డు ఇన్వర్టరు మీద లేవు. ఫ్రిజ్ లైటు వెలగకపోతే: "కరెంటు పోయింది నాయనా, బాక్సుకేం కాలే. కరెంటొచ్చినాక ఐదు నిమిషాలు చూసి నాకు చెయ్." అక్కడితో ఆపేయండి.

లైట్లు చదివించడం

"బాక్సు ముందు నిలబడు. ఏదీ ముట్టుకోవద్దు, ఊరికే చూడు. ట్యూబ్‌లైటు ఆపమను, పచ్చది, ఎర్రది బాగా తెలుస్తాది. ఎడమ నుంచి మొదటి లైటు కింద పవర్ అని ఉంటాది. వెలుగుతాందా?"

వెలగలేదంటే: "బొట్టుబిళ్ళ ఉన్న స్విచ్చి వేసుందా చూడు. ఉంటే, బాక్సు వెనక దూరిన నల్ల వైరు వదులైందేమో మెల్లిగా లోపలికి నొక్కు." అప్పటికీ లేకుంటే అడాప్టరో సాకెట్టో పోయి ఉంటుంది. టీవీ స్విచ్చి సాకెట్లో పెట్టి చూడమనొచ్చు, స్విచ్చి ఆపిన తర్వాతే. వేరే అడాప్టరు దొరికిందని తగిలించనివ్వొద్దు. మన బాక్సుది 12 వోల్టులు. పిన్ను సరిపోయినంత మాత్రాన వోల్టు సరిపోయినట్టు కాదు, ఎక్కువ వోల్టు పడితే బాక్సు కాలిపోతుంది.

పవర్ వెలుగుతుంటే అసలు పని ఇప్పుడే మొదలు. తొందరపెట్టొద్దు.

"దాని పక్కన పి, ఓ, ఎన్ అని మూడు అక్షరాలు. కనపడినాయా? ఆ పక్కనే ఎల్, ఓ, ఎస్. ఈ రెండే మనకు ముఖ్యం. ముందు పి-ఓ-ఎన్ చూడు. నోట్లో పది లెక్కపెట్టుకుంటా చూడు. కొట్టుకుంటాందా, నిలకడగా ఉందా?"

పది లెక్కపెట్టించడానికి కారణం ఉంది. మెల్లిగా ఆరివెలిగే లైటును ఒక్క చూపులో "వెలుగుతాంది" అనేస్తారు.

"ఇప్పుడు ఎల్-ఓ-ఎస్. అది వెలగకపోతేనే మంచిది. ఎర్రగా ఉందా, చీకటిగా ఉందా?"

ఈ మాట గట్టిగా చెప్పాలి. లైటు ఆరిపోయి ఉంటే చెడిపోయిందనుకుంటారు. ఎల్-ఓ-ఎస్ అంటే వెలుతురు అందడం లేదని అర్థం. సన్న తీగలో వచ్చే వెలుతురు ఆగినప్పుడే అది ఎర్రగా కొట్టుకుంటుంది.

ఎల్-ఓ-ఎస్ ఎర్రగా ఉందంటే రీస్టార్టుతో పని లేదు. అప్పుడు ఇట్లా చెప్పాలి:

"నాయనా, బాక్సు బాగానే ఉంది. వీధి నుంచి వచ్చే వైరులో ఏదో అయింది. బాక్సులోకి ఒక సన్న పసుప్పచ్చ వైరు పోతాది, కొనకు పచ్చ ప్లాస్టిక్ మూతి ఉంటాది. దాన్ని పెరకొద్దు. కంటితో మాత్రం చూడు. యాడైనా మడత పడిందా? టీవీ స్టాండు కింద నలిగిందా?"

మడత కనపడితే: "దాని మీదున్నది పక్కకు జరుపు. వైరును గుండ్రంగా వదులుగా పడనియ్." అందులో ఉన్నది వెంట్రుకంత గాజు పోగు. మూడు వేళ్ళ వెడల్పు కంటే బిగుతుగా వంగితే వెలుతురు బయటికి కారిపోతుంది. మడత తీసిన ఒకటి రెండు నిమిషాల్లో ఎరుపు పోతే సరే. పోకపోతే తప్పు స్తంభం దగ్గరో ఆపరేటరు దగ్గరో ఉంది, కింద రాసిన ఫిర్యాదు మాటలకు వెళ్ళండి. ఆ పచ్చ మూతి పీకి కొనలోకి చూడడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు. అందులో వచ్చేది కంటికి కనపడని లేజరు. పైగా వేలి జిడ్డు అంటినా వెలుతురు సరిగా రాదు.

పి-ఓ-ఎన్ నిలకడగా ఉండి, ఎల్-ఓ-ఎస్ ఆరి ఉంటే వీధి నుంచి ఇంటిదాకా దారి బాగుంది. అప్పుడు తర్వాతి లైటు.

"ఇప్పుడు ఇంటర్నెట్ అని రాసిన లైటు. ఏం రంగు?"

ఎర్రగా ఉన్నా, వెలగకపోయినా, ముందు మన ఫోన్‌లోనే రీచార్జి తేదీ చూడండి. ప్యాకు అయిపోతే ఎన్నిసార్లు ఆపి వేసినా నెట్టు రాదు. నాయనకు చెప్పేది: "కుళాయి బాగుంది, ట్యాంకులో నీళ్ళు లేవు. నేను డబ్బు కడతా, కాసేపు కూర్చో." ప్యాకు ఉంటే రీస్టార్టు చేయించవచ్చు.

ఇంటర్నెట్ లైటు కూడా పచ్చగా ఉంటే వైఫై లైటు అడగండి. అది ఆరి ఉంటే బాక్సు పక్కనున్న వైఫై బటను దుమ్ము తుడిచేటప్పుడు నొక్కుకుపోయి ఉంటుంది. "ఆ బటను ఒక్క సెకను నొక్కి వదిలెయ్. లైటొచ్చిందా?"

పి-ఓ-ఎన్ కొట్టుకుంటూనే ఉంటే, ఎల్-ఓ-ఎస్ ఆరి ఉంటే, ఐదు నిమిషాలు ఆగండి. బాక్సు ఆపరేటరు దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది. తర్వాత ఒక్కసారి మాత్రం రీస్టార్టు చేయించండి.

రీస్టార్టు

"అమ్మా, చేతులు తడి లేకుండా తుడుచుకుని, చెప్పులు వేసుకుని రామ్మా. బోర్డులో బొట్టుబిళ్ళ ఉన్న స్విచ్చి మీద వేలు పెట్టు. ఇంకా నొక్కొద్దు. నాయనా, బాక్సు వెనక చిన్న బొక్క ఉంటాది, రీసెట్ అని రాసుంటాది. దాని జోలికి పోవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల ఏదీ పెట్టొద్దు."

రీస్టార్టు, రీసెట్ వినడానికి ఒకేలా ఉంటాయి, అందుకే నాయనతో "రీసెట్" అనే మాట ఈ ఒక్కచోటే వాడాలి. రీసెట్ బొక్కలో పది సెకన్లు నొక్కితే ఆపరేటరు ఇచ్చిన యూజర్ పేరు, వైఫై పేరు, పాస్‌వర్డు అన్నీ చెరిగిపోతాయి. తర్వాత మనిషి ఇంటికొచ్చి పెట్టాల్సిందే.

"ఇప్పుడు నొక్కమ్మా. నాయనా, లైట్లన్నీ ఆరిపోయినాయా? ఒక్కటి కూడా లేదా?"

ఒక్క లైటైనా ఉంటే వేరే స్విచ్చి నొక్కారు. టీవీ ఆగిందేమో అడగండి.

"అన్నీ ఆరినాయి కదా. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒకటి నుంచి ముప్పై దాకా నిమ్మళంగా లెక్కపెట్టండి. నేను వింటాంటా."

లోపల మిగిలిన కరెంటు దిగిపోవడానికి ఆ 30 సెకన్లు కావాలి. వెంటనే వేస్తే అంతకుముందు ఇరుక్కున్న స్థితే మిగలొచ్చు. లెక్కపెడుతున్నప్పుడు ఇంకో మాట కలపొద్దు. లెక్క అయినాక, స్విచ్చి వేసేముందు బాక్సు పైభాగం అరచేతి వెనక వైపుతో తాకి చూడమనొచ్చు. ఎండాకాలంలో అరమీద గుడ్డ కప్పి ఉంటే తీయించండి, ఆ గాలిరంధ్రాలు మూసుకుపోతే బాక్సు వేడెక్కి మొరాయిస్తుంది.

"ముప్పై అయిందా? స్విచ్చి వెయ్యమ్మా. ఇంక ఇద్దరూ కుర్చీలో కూర్చోండి. గడియారం చూడు నాయనా, టైమెంత? దానికి ఐదు నిమిషాలు కలుపు. అప్పటిదాకా లైట్లు రకరకాలుగా కొట్టుకుంటాయి, అది మామూలే. మళ్ళీ ఆపద్దు."

లేస్తున్న బాక్సును మధ్యలో ఆపడమే ఎక్కువగా జరిగే తప్పు. ఫోను పెట్టేయకుండా వేరే మాట మాట్లాడండి: కూర ఏం చేశారు, ఎండ ఎట్లుంది. మౌనంగా ఉంటే చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది.

ఐదు నిమిషాల తర్వాత: "పి-ఓ-ఎన్ నిలకడగా ఉందా? ఎల్-ఓ-ఎస్ చీకటేనా? ఇంటర్నెట్ పచ్చగా వచ్చిందా? సరే, ఇప్పుడు ఫోన్‌లో వైఫై వెయ్. వార్త ఒకటి తెరిచి చూడు."

ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉండి ఏదీ తెరుచుకోకపోతే తప్పు ఎక్కువగా బయటి దారిదే. ఒక్కసారే రీస్టార్టు. రెండోసారి అడిగితే: "వద్దు నాయనా, మనం చేయాల్సింది అయిపోయింది."

ఫిర్యాదు

మనమే చెయ్యాలి, నాయనను లైన్‌లో నిలబెట్టొద్దు. ఆపరేటరుతో చెప్పాల్సింది ఇంతే: "పవర్ ఉంది. ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, పీఓఎన్ ఆరి ఉంది. ఇంట్లో వైరు మడత లేదు. రీస్టార్టు చెయ్యలేదు." ఏది నిజమో అదే చెప్పండి, చెయ్యనిది చేశామనొద్దు. ఎరుపు లైటు సంగతి ముందే చెబితే వైరు అతికే మనిషినే పంపుతారు. ఫిర్యాదు నెంబరు తీసుకుని నాయనకు నెమ్మదిగా, రెండేసి అంకెలుగా చెప్పి క్యాలెండరు మీద రాయించండి.

చివరగా తప్పకుండా: "నాయనా, ఈలోగా నెట్టు కంపెనీ వాళ్ళమని ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వెయ్యమన్నా, చెయ్యొద్దు. పెట్టేసి నాకు చెయ్. మనిషి ఇంటికొస్తే ఫిర్యాదు నెంబరు అడుగు, క్యాలెండరు మీదదే చెబితేనే లోపలికి రానియ్. సాయంత్రం ఆరుకు నేనే చేస్తా. అమ్మకు చెప్పు, ఆ బొట్టుబిళ్ళ అట్లే ఉండనీమని."