యాక్సెసిబిలిటీ ప్రకటన: మా విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఏది పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు

ఈ పేజీలో ఇంతకుముందు "మా వెబ్‌సైట్ దివ్యాంగులందరికీ పూర్తిగా అందుబాటులో ఉంది" అని ఉండేది. అది నిజం కాదు. ఆ వాక్యాన్ని తీసేశాం. దాన్ని నమ్మి పరీక్ష ఫీజు కట్టబోయి సగంలో ఆగిపోయిన విద్యార్థులకు క్షమాపణ చెబుతున్నాం.

2025 నవంబరులో మా వెబ్ విభాగం సిబ్బంది, చూపు లేని ఇద్దరు పీజీ విద్యార్థులు కలిసి 42 పేజీలు పరీక్షించారు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, అంటే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడి చూశారు. వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండడానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1లోని ఏఏ స్థాయితో పోలిస్తే మా సైట్ ఇంకా పాక్షికంగానే సరిపోతోంది. ఐఫోన్‌లో పరీక్షించలేదు. అనుబంధ కళాశాలల సొంత సైట్లు ఈ ప్రకటన కిందికి రావు.

పనిచేస్తున్నవి

హోమ్ పేజీ, కోర్సులు, ప్రవేశాలు, ఫలితాల పేజీలను మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే వాడుకోవచ్చు. ట్యాబ్ కీ మొదటిసారి నొక్కగానే "అసలు విషయానికి వెళ్లండి" అనే లింకు వస్తుంది, మెనూ మొత్తం వినక్కర్లేదు. ఫలితాల పట్టికలో ప్రతి మార్కుకూ ముందు సబ్జెక్టు పేరు వినిపిస్తుంది. అక్షరాలను 200 శాతానికి పెంచినా వాక్యాలు తెగిపోవు. తెలుగు పేజీలకు భాష గుర్తు `lang="te"` పెట్టాం కాబట్టి, మీ ఫోన్‌లో తెలుగు గొంతు ఉంటే అదే చదువుతుంది.

పైన కనిపించే "అ+", "అ-" బటన్లు అక్షరాల సైజు మార్చడానికే. పాత ప్రకటన వాటినే పెద్ద సౌకర్యంగా చెప్పుకుంది. స్క్రీన్ రీడర్ వాడేవారికి వాటితో ఉపయోగం లేదు.

పనిచేయనివి

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది తెలుగు సర్క్యులర్లతో. చాలా ఏళ్లుగా వాటిని అను ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్‌గా పెడుతున్నాం. కళ్లకు అది చక్కని తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. పరీక్షించిన రోజు ఫీజు గడువు సర్క్యులర్ తెరిస్తే చివరి తేదీ అంకెలు తప్ప ఒక్క ముక్క కూడా తెలియలేదు. ఆ తేదీ దేనికో చెప్పే మాటే వినపడలేదు. సంతకం పెట్టి స్కాన్ చేసిన టైమ్ టేబుళ్లయితే అసలేమీ వినిపించవు, అవి ఉత్త ఫొటోలు.

2026 జనవరి 1 నుంచి ప్రతి సర్క్యులర్‌నూ యూనికోడ్‌లో, మామూలు వెబ్ పేజీగా పెడతాం. సంతకం ఉన్న కాపీ దాని పక్కన ఉంటుంది. పాతవన్నీ మార్చగలమని మాట ఇవ్వలేం. మీకు కావలసినది అడిగితే 3 పనిదినాల్లో చదవగలిగే రూపంలో పంపుతాం.

ఫీజు పేజీలో క్యాప్చా బొమ్మగానే ఉంది, వినే వీలు లేదు. పైగా 10 నిమిషాల్లో పూర్తి చేయకపోతే లాగౌట్ అవుతుంది. ఈ పేజీని బయటి సంస్థ నడుపుతోంది. మార్చమని రాతపూర్వకంగా అడిగాం, వారింకా తేదీ చెప్పలేదు. పేజీ వారిదైనా బాధ్యత మాదే. అందుకని అది బాగయ్యేదాకా, ఈ కారణంతో గడువు దాటినవారి దగ్గర ఆలస్య రుసుము తీసుకోం. కింద చెప్పిన ఏ దారిలోనైనా మాకు తెలియజేస్తే చలానా పంపుతాం. పాస్‌వర్డ్, ఓటీపీ మాకు చెప్పకండి, మేం అడగం.

వీడియో పాఠాలకు క్యాప్షన్లు లేవు. వినికిడి లోపం ఉన్నవారు కోరితే అధ్యాపకుల నోట్సు ఇప్పిస్తాం. అది క్యాప్షన్లకు సమానం కాదని మాకు తెలుసు.

ఇబ్బంది ఎవరికి చెప్పాలి

ప్రతి పేజీ అడుగున "ఇబ్బంది చెప్పండి" బటన్ ఉంది. దానికి లాగిన్ అక్కర్లేదు, క్యాప్చా లేదు. ఏ పేజీ, ఏం చేయబోతే ఆగింది అన్న రెండు ముక్కలు రాస్తే చాలు. తెలుగులో రాయొచ్చు. ఫోన్ చేయాలంటే హాల్ టికెట్ వెనక ఉన్న హెల్ప్ డెస్క్ నంబరుకు చేసి వెబ్ విభాగాన్ని అడగండి. ఉదయగిరి నుంచో కావలి నుంచో ఇందుకోసం నెల్లూరు బస్సెక్కి రావాల్సిన పని లేదు. రావాలనుకుంటే పరిపాలన భవనం కింది అంతస్తు, గది 6, పనిదినాల్లో 10.30 నుంచి 5 దాకా. ర్యాంపు తూర్పు గుమ్మం వైపు ఉంది. సంజ్ఞా భాష తెలిసినవారు మా దగ్గర లేరు, రాసి మాట్లాడుకుందాం.

వైకల్య ధ్రువపత్రం అడగం. 2 పనిదినాల్లో మీ ఫిర్యాదుకు నంబరు ఇస్తాం, 14 రోజుల్లో ఏం చేశామో చెబుతాం. అప్పటికీ తేలకపోతే రిజిస్ట్రార్‌కు రాయండి. మా జవాబుతో తృప్తి లేకపోతే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కింద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. అందుకు మా అనుమతి అవసరం లేదు.

చివరి సవరణ: 2025 డిసెంబరు 8. తిరిగి పరీక్షించేది: 2026 జూన్. అప్పటికి ఫీజు పేజీ మారకపోతే ఆ సంగతి కూడా ఇక్కడే రాస్తాం.