కార్తీక నక్తాల గురించి అత్తయ్య గారికీ, మామయ్య గారికీ

అత్తయ్య గారికి, మామయ్య గారికి నమస్కారాలు.

ఫోన్లో చెబుదామంటే మధ్యలో నాకు ఏడుపు వచ్చేస్తుంది, అత్తయ్య గారు కంగారు పడిపోతారు, అసలు విషయం అక్కడే ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. మామయ్య గారూ, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదివి వినిపించండి. బిడ్డ బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతాదంతా మీకు చెవికెక్కదు.

వచ్చే బుధవారం, 22న కార్తీకం మొదలవుతుంది కదా. దసరాకి వచ్చినప్పుడు అత్తయ్య గారు గుర్తు చేశారు, నెల రోజులూ నక్తాలు, సోమవారాలైతే చుక్క కనబడేదాకా మంచినీళ్ళు కూడా వద్దని. నేను సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ మొక్కు ఎందుకు మొక్కారో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట మూడో నెలలో పోయినప్పుడు, నేను మంచం దిగకుండా గోడకేసి చూస్తూ పడుకుంటే, మీరు ఒక్కరే క్షీరారామం వెళ్ళి ధ్వజస్తంభం దగ్గర నిలబడి, కోడలి కడుపు పండితే దాని చేత నెల్లాళ్ళు నక్తాలు చేయిస్తానని మొక్కుకుని వచ్చారు. ఆ సాయంత్రం నా నుదుట విభూతి పెట్టిన మీ చెయ్యి నాకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు నాకు ఆరో నెల. శివుడు మాట నిలబెట్టుకున్నాడు, మనం నిలబెట్టుకోకపోతే ఎలా అన్నది మీ భయం. ఆ భయం మీకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది, అత్తయ్య గారూ. రాత్రిళ్ళు మెలకువ వస్తే ముందు అదే గుర్తొస్తుంది.

సోమవారం పరీక్షకి వెళ్ళాం. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం తీశారు. 140 లోపు ఉండాలట. నాకు 156 వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు ఇది, చాలామందికి కాన్పయ్యాక తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పారు. ఇప్పుడే మందులు ఇవ్వలేదు, రెండు వారాలు తిండితోనే చూద్దామన్నారు. దానికి తోడు రక్తం 9.4 ఉంది, 11 ఉండాలి. ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను.

నక్తాల సంగతి ఆవిడని నేనే అడిగాను. ఆవిడ కొట్టిపారేయలేదు, వాళ్ళమ్మ గారు కూడా చేసేవారట. కాగితం తీసుకుని లెక్క వేశారు. రాత్రి ఏడున్నరకి తిన్న మనిషి మళ్ళీ మర్నాడు చుక్క చూసి తినేసరికి దగ్గర దగ్గర ఇరవై మూడు గంటలు. నన్ను పగటిపూట మూడు గంటలు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దన్నారు. ఉంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనేవి పెరుగుతాయట, అవి బిడ్డకి మంచివి కావట. ఆ తర్వాత ఆకలి మీద ఒక్కసారే కడుపు నిండా తింటే షుగరు ఎగబాకుతుంది. అంటే నక్తంలో నాకు పగలూ ఇబ్బందే, రాత్రీ ఇబ్బందే. నీళ్ళు మానేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, నెలలు నిండకుండా నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉందన్నారు.

పోనీ పళ్ళూ పాలూ పుచ్చుకుని ఉండమంటారేమో, దానికీ దారి లేదు. రెండు అరటిపళ్ళు, ఓ గ్లాసు సగ్గుబియ్యం జావ అంటే నాకు విషంతో సమానం ఇప్పుడు. చూడండి నా ఖర్మ, ఉపవాసంలో చెల్లేవే నాకు చెల్లకుండా పోయాయి. శనగల గుగ్గిళ్ళు, పెసరట్టు, మజ్జిగ, జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, ఇలా కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినమన్నారు. గుడ్డు కూడా రాశారు కానీ కార్తీకంలో ముట్టనని చెప్పేశాను, దాని బదులు పనీరు రాశారు.

ఇంకొకటి మీకు చెప్పలేదు. చెబితే తిడతారని దాచాను. పోయిన వారం అట్లతద్దికి ఉపవాసం ఉన్నాను. ఒక్క రోజేగా, నెల రోజులు ఉండాల్సినదాన్ని ఈ మాత్రం ఉండలేనా చూద్దామని. మధ్యాహ్నం మూడింటికి చేతులు వణకడం మొదలైంది, చెమటలు పట్టాయి. సాయంత్రం చాలాసేపు బిడ్డ కదల్లేదు. ఎడమపక్కకి తిరిగి పడుకుని, గ్లాసు పాలు తాగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎదురుచూశాను. ఇరవై నిమిషాలకి ఒక తన్ను తన్నింది. ఆ ఇరవై నిమిషాలూ నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో, ఏం మొక్కానో నాకే తెలీదు. మీ అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చాక చెబితే నా మీద మొదటిసారి గట్టిగా అరిచారు. ఆయన అరిచింది న్యాయమే. అలా అయినప్పుడు వెంటనే ఫోన్ చేయాలి, పడుకుని ఎదురుచూడటం కాదని డాక్టరమ్మ కూడా కోప్పడ్డారు. ఆ రోజు తర్వాత ఇంక నా వల్ల కాదని అర్థమైంది.

మీరు మీ అబ్బాయి కడుపులో ఉండగా కూడా నక్తాలు మానలేదని అందరూ చెబుతారు. వదిన కూడా అంటుంది. కానీ దాని రెండో సగం మీరే ఒకసారి, మినుములు బాగుచేస్తూ చెప్పారు నాకు. మూడో సోమవారం పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి కూలబడితే, మీ అత్తగారు మీ తల ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ తాగించారని, ‘ఈ పాపం ఏదైనా ఉంటే నాది’ అన్నారని. ఆ నెల మిగతా నక్తాలు ఆవిడే చేశారని. ఆవిణ్ణి నేను ఫొటోలోనే చూశాను. ఈ వారమంతా ఆవిడే గుర్తొస్తున్నారు.

మామయ్య గారూ, మీరు శివరాత్రి నాడు బీపీ మాత్ర వేసుకుంటూ ఒక శ్లోకం చదువుతారు కదా, ‘అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః, హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్’ అని. వ్రతాన్ని చెరపనివి ఎనిమిది, నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. మీరు పాఠం చెప్పినట్టు చెప్పారు, అందుకే నాకు నోటికి వచ్చేసింది. నాకిప్పుడు తిండే మందు. ఇంక గురువు మాట అంటారా, నాకు ఈ విషయంలో గురువు అత్తయ్య గారే. ఆ మొక్కు మొక్కింది ఆవిడే కాబట్టి, దాన్ని మార్చి చెప్పే అధికారమూ ఆవిడదే. డాక్టరు వద్దన్నారని నేనే మానేస్తే అది మొక్కు తప్పినట్టు. ఆవిడ తినమంటే తినడం మాట విన్నట్టు. నాకు ఆ మాట కావాలి.

నేను అడిగేది ఇదీ. ఈ కార్తీకం నక్తాలు నా బదులు మీ అబ్బాయి ఉంటానన్నారు. నేను బలవంతపెట్టలేదు, ఆయనే అన్నారు. పొద్దున్నే ఆరు ఇడ్లీలు తినే మనిషి నెల రోజులు ఎలా ఉంటారో నాకూ అనుమానమే, నవ్వొస్తోంది కూడా. భార్య వ్రతం భర్త చేయొచ్చో లేదో గుడిలో పంతులు గారిని మామయ్య గారు ఒక మాట అడగండి. అత్తయ్య గారూ, మీరు మాత్రం నా వంతు కూడా కలిపి రెండింతలు చేస్తానని కూర్చోకండి. అలాంటిదేదో చేస్తారని నాకు తెలుసు. మీ నక్తాలు మీరు ఎప్పట్లా చేసుకోండి, సోమవారాలు మంచినీళ్ళు తాగండి.

నేను రోజూ తెల్లారకుండా లేచి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి దీపం పెడతాను. సాయంత్రం తులసికోట దగ్గర మళ్ళీ పెడతాను. కార్తీక పురాణం రోజుకో అధ్యాయం చదువుతాను, నెలకి ముప్ఫై సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి ఇంట్లోకి రానివ్వను. నాలుగు సోమవారాలు, అంటే 27, నవంబరు 3, 10, 17 తేదీల్లో, వరి అన్నం మాత్రం చుక్క చూశాకే తింటాను, అదీ గుప్పెడు. పగలు డాక్టరమ్మ రాసినవి వేళకి తింటాను, నీళ్ళు తాగుతాను. దీనికి ఆవిడ ఒప్పుకున్నారు. షుగరు ఎక్కడైనా అటూ ఇటూ అయితే ఆ వరి అన్నం నియమం కూడా వదిలేస్తాను, ఇది ముందే చెబుతున్నాను. నవంబరు 5 పున్నమికి మీరు పాలకొల్లు నుంచి వస్తే 365 వత్తులూ మనం ఇక్కడే వెలిగిద్దాం. నేను అంత దూరం ప్రయాణం చేసి రావడం, తడి మెట్లు దిగి కాలవలో స్నానం చేయడం వద్దన్నారు.

అసలు నక్తాలు నేను చేస్తాను, ఎగ్గొట్టడం లేదు. జనవరిలో కాన్పు, వచ్చే కార్తీకానికి ఇంకా పాలు తాగే బిడ్డ ఉంటుంది. పాలు మాన్పించాక వచ్చే మొదటి కార్తీకంలో నెల రోజులూ, మీ పక్కనే కూర్చుని, మీరు చెప్పినట్టే చేస్తాను. బిడ్డని మామయ్య గారు ఎత్తుకోవాలి, ఆ ముప్ఫై రోజులూ.

ఇంకో మాట. చిన్నదానివి నాకు చెబుతావా అనుకోకండి. మన క్షీరారామం కథ మీరే చెప్పారు. ఉపమన్యుడు అనే పిల్లవాడు పాలకోసం ఏడిస్తే శివుడు పాలధార తెప్పించాడని, ఆ పాల వల్లే ఊరికి ఆ పేరని. ఆకలన్న పిల్లవాడికి పాలిచ్చిన స్వామి ఆయన. నా కడుపులోది ఆకలని చెప్పడానికి కూడా నోరు లేనిది. ఇది వాదన అనుకోకండి, అట్లతద్ది రాత్రి నాకు తోచింది రాశాను.

వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని మీకు ఉంటుంది. ‘నేనే వద్దన్నాను’ అనండి. మీరు అలా అంటే ఇంక ఎవరూ ఏమీ అనరు, వదినతో సహా.

రిపోర్టు ఫొటోలు కింద పెడుతున్నాను, మామయ్య గారు చూసి ఏదైనా అర్థం కాకపోతే అడగండి. వచ్చే సోమవారం దీపావళి కదా, ఆ లోపల ఏ సంగతో చెప్పండి. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి భోజనాలయ్యాక నేను ఫోన్ చేస్తాను. మీరు ఇంకా ఆలోచించుకుంటామంటే అలాగే, కానీ 22 దాకా ఆగొద్దు, నాకు టెన్షన్‌గా ఉంటుంది. మీకు కోపం వచ్చినా ఫోన్ మాత్రం ఎత్తండి.

అత్తయ్య గారూ, మీరు పంపిన ఉసిరికాయ పచ్చడి అయిపోవచ్చింది. చక్కెర, బెల్లం లేకుండా మళ్ళీ కొంచెం పెట్టండి.

మీ కోడలు